బాట్ ఒకటంది, మనిషి మరొకటన్నాడు: చాట్‌ను ఫిర్యాదుగా మలచడం

చంద్రపూర్, బల్లార్‌పూర్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు హైదరాబాద్, కరీంనగర్, మంచిర్యాల రాకపోకలు ఏడాది పొడవునా ఉంటాయి. బస్సు టికెట్ ఫోన్లోనే కొంటారు, అవసరమైతే ఫోన్లోనే క్యాన్సిల్ చేస్తారు. డబ్బు దగ్గర తేడా వస్తే మాట్లాడాల్సింది కూడా ఆ చాట్ విండోలోనే. అక్కడ ముందు బాట్ పలుకుతుంది, తర్వాత మనిషి వస్తాడు. ఇద్దరి మాటా కలవకపోతే చాలామంది "మనిషి చెప్పిందే ఖాయం, మిషన్ పొరపాటు పడింది" అనుకుని డబ్బు వదిలేసుకుంటారు. కంపెనీ ప్రతినిధులు కూడా సరిగ్గా ఆ మాటే అంటారు. కానీ ఆ రెండు మాటల్లో ఒక్కోదానికి ఒక్కో రకమైన విలువ ఉంటుంది. దేనికి ఎంత విలువో తేల్చి, చాట్‌ను ఫిర్యాదుగా ఎలా తయారు చేయాలో ఇక్కడ ఒక నమూనా మీద చూపిస్తాను. ఈ చాట్ నేను ఈ వ్యాసం కోసం రాసుకున్నది.

చంద్రపూర్ నుంచి హైదరాబాద్‌కు రాత్రి 9:30 బస్సు. ఇద్దరికి రెండు టికెట్లు, ఒక్కొక్కటి 1,100, మొత్తం 2,200 రూపాయలు. అవతల పెళ్ళి వారం రోజులు వాయిదా పడిందని ఆ ఉదయమే కబురొచ్చింది. ఆ తర్వాత జరిగిన చాట్‌ను కంపెనీ మెయిల్‌లో ఇలా పంపింది:

03:08, కస్టమర్: ఈ రాత్రి బస్సు టికెట్లు రెండూ క్యాన్సిల్ చేస్తే ఎంత వస్తుంది?

03:09, బాట్: ప్రయాణానికి 12 గంటల ముందు క్యాన్సిల్ చేస్తే పూర్తి రిఫండ్ వస్తుంది. వివరాలకు క్యాన్సిలేషన్ నియమాలు చూడండి.

03:20, బాట్: మీ టికెట్లు క్యాన్సిల్ అయ్యాయి. రిఫండ్ మొత్తం 1,100 రూపాయలు.

03:22, కస్టమర్: పూర్తి రిఫండ్ అన్నారు కదా?

04:04, ఎగ్జిక్యూటివ్: ఈ ఆపరేటర్‌కు 24 గంటల నియమం ఉంది. ఆలోపు క్యాన్సిల్ చేస్తే సగం కోత. బాట్ చెప్పింది సాధారణ సమాచారం మాత్రమే.

04:11, ఎగ్జిక్యూటివ్: మిగతా సొమ్ముకు రిక్వెస్ట్ పెట్టాను. నంబరు మెసేజ్‌లో వస్తుంది. 7 పనిదినాల్లో జవాబు వస్తుంది.

04:13, ఎగ్జిక్యూటివ్: మామూలుగా ఇచ్చేస్తారు సార్.

04:15, ఎగ్జిక్యూటివ్: బాట్ మాటలకు కంపెనీ బాధ్యత ఉండదు.

వారం తర్వాత ఇంకో ఎగ్జిక్యూటివ్ "రిక్వెస్ట్ తిరస్కరించారు" అని ఒక్క ముక్క రాసి చాట్ మూసేశాడు.

మొదట సరిచూసుకోవాల్సింది గడియారం. ఉదయం ఎనిమిదిన్నర దాటాక జరిగిన చాట్‌కు 03:08 అని పడిందంటే, ఆ మెయిల్ అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో తయారైందన్నమాట. మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. కాబట్టి 03:09 అంటే ఉదయం 8:39, 03:20 అంటే 8:50, 04:04 అంటే 9:34. ఫోన్లో తీసిన స్క్రీన్‌షాట్‌లో 8:50 అనీ, మెయిల్‌లో 03:20 అనీ ఉంటే చదివేవారికి అవి రెండు వేర్వేరు చాట్‌ల్లా కనిపిస్తాయి. అందుకే ప్రతి వరుస పక్కనా మన సమయం రాసి, ఎందుకు మార్చామో పైన ఒక వాక్యంలో చెప్పాలి. మన కేసులో ఇది ఊరికే రాసే వివరం కాదు. బాట్ చెప్పిన 12 గంటల గడువు ఉదయం 9:30కి ముగిసింది. క్యాన్సిల్ 8:50కి జరిగింది, అంటే గడువులోపే. మనిషి నోరు విప్పింది 9:34కి, అంటే గడువు దాటాక.

తర్వాతి పని, మెయిల్‌లో రానివాటిని వెతికి తేవడం. చాట్‌లో మనం టైప్ చేసినవే కాదు, నొక్కిన బటన్లూ ఉంటాయి. 8:39కీ 8:50కీ మధ్య బాట్ "క్యాన్సిల్ చేయమంటారా?" అని అడిగి, కింద "అవును", "కాదు" అని రెండు బటన్లు చూపించింది. మెయిల్‌లో ఆ ప్రశ్నా లేదు, బటన్లూ లేవు. మెయిల్ కాపీలో మాటలు మాత్రమే మిగిలి బటన్లు, లింకు కార్డులు రాలిపోవడం తరచూ చూస్తాం. ఈ కేసు బతకడమూ చావడమూ ఆ తెర మీదే ఉంది. "అవును" నొక్కే ముందు అదే తెర మీద "మీకు వచ్చే రిఫండ్ 1,100" అని కనిపించి ఉంటే, పూర్తి రిఫండ్ వస్తుందని నమ్మి క్యాన్సిల్ చేశామన్న వాదన దాదాపు పడిపోతుంది. అంకె చూసే నొక్కారు కదా అంటారు, ఆ మాటకు మన దగ్గర జవాబు ఉండదు. మన నమూనాలో ఆ తెర మీద అంకె లేదు, ప్రశ్న ఒక్కటే ఉంది. కాబట్టి చాట్ విండో మూసే ముందే పైనుంచి కిందికి జరుపుతూ స్క్రీన్ రికార్డింగ్ తీసుకోవాలి. బాట్ ఇచ్చిన లింకును అదే రోజు తెరిచి ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోవాలి. వారం తర్వాత చూస్తే ఆ పేజీ మారి ఉండొచ్చు. ఈ రెండూ చేయకుండా మెయిల్ కాపీ ఒక్కటే పట్టుకుని వచ్చేవారి కేసులు గట్టిగా నిలబడవని నా నమ్మకం.

ఇప్పుడు అసలు పని: ఏ వాక్యం దేనికి పనికొస్తుందో తేల్చడం. ఎవరన్నారు అన్నదానికంటే మూడు ప్రశ్నలు ముఖ్యం. ఆ మాట మనం అడుగు వేయక ముందు వచ్చిందా, తర్వాతా? అది మన టికెట్ గురించా, అందరికీ చెప్పే మాటా? అది జరిగిపోయిన పని గురించా, జరగబోయేదాని గురించా?

8:39 నాటి బాట్ వాక్యం చూద్దాం. అందులో మన టికెట్ నంబరు లేదు, ఆపరేటర్ పేరు లేదు. సహాయ పేజీల్లోంచి ఏదో ఒక సాధారణ నియమం తీసి చెప్పినట్టుంది. ఒక్కో ఆపరేటర్‌కు ఒక్కో నియమం ఉన్నచోట బాట్లు ఇలాగే తప్పుతాయి. అడిగిన ప్రశ్నకు దగ్గరగా ఉన్న పేజీని పట్టుకుంటాయి గానీ, ఆ పేజీ ఈ బస్సుకు వర్తిస్తుందో లేదో చూడవు. కాబట్టి "నియమం ఏమిటి" అన్న ప్రశ్నకు ఈ వాక్యం మీద ఆధారపడలేం. కానీ "క్యాన్సిల్ చేయకముందు కంపెనీ నాతో ఏం చెప్పింది" అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. మనం అడిగింది ఈ రాత్రి బస్సు గురించే. జవాబు వచ్చింది కంపెనీ సొంత విండోలో. దాన్ని నమ్మి పదకొండు నిమిషాల్లో క్యాన్సిల్ చేశాం.

8:50 నాటి బాట్ వాక్యం వేరే జాతి. అందులో పని పూర్తయింది, మొత్తం ఉంది. అంటే ఆ మాట బుకింగ్ రికార్డులోంచి వచ్చింది. క్యాన్సిల్ ఎన్ని గంటలకు జరిగింది, ఎంత వాపసు లెక్కగట్టారు అన్న విషయాలకు ఇది గట్టి ఆధారం. ఒకే బాట్ రెండు మాటలు చెప్పి, ఒకటి తప్పయి ఇంకొకటి ఒప్పవడంలో వింతేమీ లేదు. ఒకటి సహాయ పేజీ చదివింది, ఇంకొకటి ఖాతా చదివింది.

మనిషి 9:34కి చెప్పిన 24 గంటల నియమం నిజమో కాదో చాట్‌ను బట్టి తేలదు. టికెట్ పీడీఎఫ్ తెరవాలి. మన నమూనా టికెట్ రెండో పేజీలో చిన్న అక్షరాల పట్టిక ఉంది: 24 గంటలకు పైగా ఉంటే 10 శాతం కోత, అంతకు తక్కువైతే 50 శాతం. దాని కిందే ఇంకో వరుస ఉంది: బయలుదేరడానికి 6 గంటల ముందు వరకు సీటుకు 100 రూపాయలు కట్టి తేదీ మార్చుకోవచ్చు. కాబట్టి నియమం విషయంలో మనిషి చెప్పింది నిజమే. దాన్ని ఒప్పుకునే ఫిర్యాదు రాయాలి. "మనిషి అబద్ధం చెప్పాడు" అని రాస్తే అవతలివాళ్ళు టికెట్ రెండో పేజీ చూపించి మొత్తం కథ ముగించేస్తారు. మన వాదన వేరు: నియమం అదే కావచ్చు, కానీ నేను అడిగినప్పుడు మీరు ఇంకో నియమం చెప్పి నాచేత క్యాన్సిల్ చేయించారు. 9:34కి చెప్పిన నిజం 8:50కి జరిగిపోయిన పనిని వెనక్కి తీసుకురాలేదు. అదే మాట 8:45కి వచ్చి, చదివాక కూడా "అవును" నొక్కి ఉంటే మాత్రం బాట్‌ను నమ్మామని చెప్పే హక్కు పోయేది.

మనిషి మిగతా వాక్యాల్లో "రిక్వెస్ట్ పెట్టాను" అన్నది జరిగిన పని, నంబరుతో సహా మెసేజ్ కూడా వచ్చింది. ఫలానా రోజు ఫిర్యాదు కంపెనీకి చేరిందనడానికి అది చాలు. "7 పనిదినాల్లో జవాబు" అన్నది గడువు, దాటితే ఎత్తిచూపవచ్చు. "మామూలుగా ఇచ్చేస్తారు" అన్నది ఊరట మాట, దాని మీద ఒక్క రూపాయి కూడా అడగలేం. ఆ ఎగ్జిక్యూటివే "మీ 1,100 మంజూరు చేశాను" అని రాసి ఉంటే కథ మారేది. ప్రతినిధికి ఆ అధికారం ఉందని జనం నమ్మేలా యజమాని తన మాటల వల్లో నడత వల్లో చేస్తే, అధికారం మించి చేసిన పనికీ యజమానిదే బాధ్యత అని భారత కాంట్రాక్టు చట్టం 237వ సెక్షన్ చెబుతుంది. లోపల మేనేజర్ అనుమతి లేదన్న సంగతి మనకు తెలియనప్పుడు అది మన తలనొప్పి కాదు.

ఇక చివరి వాక్యం, "బాట్ మాటలకు కంపెనీ బాధ్యత ఉండదు" అన్నది. ఇది చట్టం గురించి కస్టమర్ కేర్ ఉద్యోగి చెప్పిన అభిప్రాయం. దీనికి విలువ లేదు, పైగా మన చట్టం దీనికి ఎదురుగా ఉంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సందేశాన్ని ఎవరికి ఆపాదించాలంటే మూడు దారులున్నాయి: ఆ వ్యక్తి స్వయంగా పంపినా, ఆయన తరఫున అధికారం ఉన్నవారు పంపినా, ఆయన కోసం తనంతట తాను నడిచేలా ప్రోగ్రామ్ చేసిన వ్యవస్థ పంపినా, అది ఆయన సందేశమే. మూడో దారిలోకి బాట్ చక్కగా వస్తుంది. అయితే ఈ సెక్షన్ అంతవరకే వెళుతుంది. సందేశం కంపెనీదే అంటుంది గానీ, అందులో ఉన్నది ఇచ్చి తీరాలని చెప్పదు. ఆ రెండో మెట్టు ఎక్కడానికి, తప్పు మాట వల్ల మనకు నష్టం జరిగిందని చూపాలి.

ఈ రెండు మెట్లూ ఎక్కి చూపించిన కేసు కెనడాలో నడిచింది. 2022 నవంబరులో జేక్ మోఫాట్ అనే ప్రయాణికుడు నానమ్మ చనిపోవడంతో ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లో చాట్‌బాట్‌ను అడిగాడు. ఆప్తులు పోయినవారికిచ్చే తగ్గింపు ధరకు టికెట్ కొన్న 90 రోజుల్లోపు దరఖాస్తు పెట్టుకోవచ్చని బాట్ చెప్పింది. అదే జవాబులో ఇచ్చిన లింకు పేజీలో మాత్రం ప్రయాణం అయ్యాక ఆ తగ్గింపు అడగడం కుదరదని ఉంది. ఫోన్లో మాట్లాడిన ప్రతినిధి తగ్గింపు ధర సుమారుగా ఎంతో చెప్పాడు గానీ ప్రయాణం తర్వాత అడగడానికి వీల్లేదన్న సంగతి చెప్పలేదు. తర్వాత కంపెనీ మనుషులు బాట్ మాటలు తప్పుదారి పట్టించేవేనని ఒప్పుకున్నారు, డబ్బు మాత్రం ఇవ్వలేదు. బ్రిటిష్ కొలంబియా సివిల్ రిజల్యూషన్ ట్రిబ్యునల్ 2024 ఫిబ్రవరి 14న తీర్పు చెప్పింది. బాట్ తన మాటలకు తానే బాధ్యత వహించే వేరే అస్తిత్వం అన్నట్టుగా కంపెనీ వాదించగా, అది వెబ్‌సైట్‌లో ఒక భాగమేనని ట్రిబ్యునల్ తోసిపుచ్చింది. ఒకే వెబ్‌సైట్‌లో ఒక చోట చదివినదాన్ని ఇంకో చోట సరిచూసుకునే బాధ్యత కస్టమర్‌ది కాదంది. 650.88 కెనడా డాలర్ల నష్టపరిహారం, వడ్డీ, ఖర్చులు కలిపి మొత్తం 812.02 డాలర్లు ఇప్పించింది. మోఫాట్ దగ్గర ఆ చాట్ స్క్రీన్‌షాట్ ఉంది. అది లేకపోతే ఈ తీర్పు ఉండేది కాదేమో.

ఆ తీర్పు మన వినియోగదారుల కమిషన్లను కట్టేయదు. అది చిన్న క్లెయిముల ట్రిబ్యునల్, పైగా వేరే దేశం. ఆలోచన ఎలా నడిచిందో చూపడానికి మాత్రమే జతచేయవచ్చు. బాట్ ఏమన్నా నమ్మడమే చాలని కూడా అనుకోకూడదు. 2023 డిసెంబరులో కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో ఒక షెవర్లే డీలర్ బాట్‌ను ఒకాయన మాటలతో బోల్తా కొట్టించి, కొత్త కారును ఒక్క డాలరుకు అమ్ముతానని చెప్పించాడు. అది నిజంగా నమ్మిన మాట కాదు, దాన్ని పట్టుకుని ఎవరికీ కారు రాలేదు. మామూలు మనిషి మామూలుగా అడిగితే వచ్చిన, నమ్మదగ్గ జవాబై ఉండాలి. 12 గంటల ముందు పూర్తి రిఫండ్ అన్నది ఎవరైనా నమ్మే మాటే.

నష్టం లెక్క దగ్గర నిజాయతీ కావాలి. బాట్ సరైన మాట చెప్పి ఉంటే ఏం చేసేవాళ్ళమో ముందు రాయాలి. పెళ్ళి వారం వాయిదా పడింది కాబట్టి 200 రూపాయలు కట్టి తేదీ మార్చుకునేవాళ్ళం, 2,200 రూపాయల టికెట్లు చేతిలోనే ఉండేవి. ఇప్పుడు 1,100 మాత్రమే తిరిగొచ్చింది. అప్పుడు నికర నష్టం 900. కెనడా తీర్పులాగా కంపెనీ చెప్పిన మాట నిజమైతే ఎంత వచ్చేదో అంత ఇప్పించమంటే 1,100. ఫిర్యాదులో 1,100 అడిగి, అది కుదరదంటే కనీసం 900 అని ప్రత్యామ్నాయంగా రాయడం మేలు. రెండో అంకెకు ఆధారాలుగా టికెట్‌లోని తేదీ మార్పు వరుస, పెళ్ళి కొత్త తేదీ కబురు జతచేయాలి. తేదీ మార్పు సౌకర్యం లేదనుకోండి, నిజం తెలిసినా ఎలాగూ క్యాన్సిలే చేసేవాళ్ళమనుకోండి, అప్పుడు బాట్ మాట వల్ల కలిగిన నష్టాన్ని చూపడం చాలా కష్టం.

ఇవన్నీ ఒక కాగితం మీదికి తేవాలి. ఎడమ పక్క మన సమయం, తర్వాత ఎవరన్నారో, మధ్యలో ఉన్నదున్నట్టు వాక్యం, కుడి పక్క మన గుర్తు: "క్యాన్సిల్‌కు ముందు" లేదా "తర్వాత". అసలు వాక్యంలో అక్షరం కూడా దిద్దకూడదు, తప్పులతో సహా అలాగే ఉంచాలి. చాట్ హిందీలోనో మరాఠీలోనో నడిస్తే అలాగే ఉంచాలి. తెలుగులో నడిస్తే పక్కన మరాఠీ లేదా ఇంగ్లీషు అనువాదం పెట్టాలి. 8:39 వరుస, 8:50 వరుస, వాటి మధ్య బటన్ల తెర ఒకే పేజీలో కనిపించేలా అమర్చండి. చదివేవారి కన్ను ముందు అక్కడికే వెళ్ళాలి.

ఆధారాల ఫైళ్ళకు ఒక వేలిముద్ర తీసుకోవడం మంచి అలవాటు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాసే గడి ఉంటుంది. విండోస్ కంప్యూటర్‌లో ఇలా తీస్తారు:

```
certutil -hashfile chat.pdf SHA256
```

వచ్చిన పొడవాటి వరుసను తేదీతో రాసి పెట్టుకుంటే, ఫైలు తర్వాత మారలేదని చూపొచ్చు. వినియోగదారుల కమిషన్‌లో విచారణ అఫిడవిట్, పత్రాల మీదే నడుస్తుంది. చాట్ ఎవరి ఫోన్లో జరిగింది, కాపీ ఎలా తీశారు అన్న రెండు వాక్యాలు అఫిడవిట్‌లో తప్పక ఉండాలి.

ముందుగా పంపాల్సింది కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆయన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. చాట్‌లో ఎగ్జిక్యూటివ్‌తో ఎంత వాదించినా అది ఈ మెట్టు కిందికి రాదని చాలామందికి తెలియదు. అక్కడ తేలకపోతే 1915 హెల్ప్‌లైన్, అందులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. వాళ్ళు కంపెనీతో మాట్లాడి పెడతారు గానీ ఆదేశం ఇవ్వలేరు. ఆదేశం కావాలంటే చంద్రపూర్ జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్ళో ఉన్నా మనం నివసించే చోటే కేసు వేయడానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ వీలిస్తుంది. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఘటన జరిగిన రెండేళ్ళలోపు వేయాలి. ప్రతివాదులుగా యాప్ కంపెనీని మొదట, బస్సు ఆపరేటర్‌ను రెండో స్థానంలో రాయాలి. తప్పు మాట చెప్పిన బాట్ యాప్‌ది, కోత వేసిన నియమం ఆపరేటర్‌ది. ఒకరినే రాస్తే వాళ్ళు తప్పును పక్కవాళ్ళ మీదికి నెట్టేస్తారు.